పుట, పంక్తి, తప్పు, ఒప్పు: అన్నమాటను దిద్దుకునే పద్ధతులపై ఒక సమీక్ష

కొల్లేరు గురించి నలుగురిలో మాట్లాడేవారు అంకెల దగ్గర తడబడటం సహజం. సరస్సు ఒకటే అయినా దాని విస్తీర్ణాలు అనేకం. సముద్రమట్టానికి పది అడుగుల ఎత్తు వరకు నీరు నిలిచిందనుకుంటే 901 చదరపు కిలోమీటర్లు. ఐదడుగుల వరకే లెక్కిస్తే 308. మూడడుగులకు దిగితే 135. ఈ మట్టాలనే ఇక్కడివారు పదో కాంటూరు, ఐదో కాంటూరు, మూడో కాంటూరు అంటారు. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది ఐదో కాంటూరు వరకు. 2002లో రామ్సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది మాత్రం 901 చదరపు కిలోమీటర్లకు. హద్దును ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసినప్పటి నుంచి 135 కూడా సభల్లో వినిపించే అంకె అయింది.

దీనికి తోడు 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అంతవరకు కృష్ణా జిల్లాలో ఉన్న మండవల్లి, కైకలూరు, కలిదిండి, ముదినేపల్లి మండలాలు ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారింది. ఇన్ని లెక్కలు కలిసిన చోట గ్రామసభలోనో, మత్స్యకారుల సమావేశంలోనో, పాఠశాల వేదిక మీదో మాట్లాడిన మనిషి ఒక అంకెకు బదులు మరొకటి చెప్పడంలో వింత లేదు. చెప్పింది తప్పని తెలిశాక ఏం చేయాలన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

మన దగ్గర ఈ సందర్భంలో రెండు అలవాట్లు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి, ఎవరూ గమనించలేదులే అని ఊరుకోవడం. రెండోది, సభ మొత్తాన్నీ, పెద్దలనూ, పిన్నలనూ పేరుపేరునా క్షమించమని వేడుకుంటూ అసలు సరైన అంకె చెప్పడం మరిచిపోవడం. పైకి ఈ రెండూ ఎదురెదురు దారులు. ఫలితం మాత్రం ఒక్కటే: విన్నవాడి దగ్గర తప్పు అంకె అలాగే ఉండిపోతుంది. ఈ రెండింటి మధ్య దారిని పుస్తక ప్రచురణ, న్యాయస్థానం, చట్టసభ, పత్రిక ఎవరికి వారుగా కనుక్కున్నాయి.

పుస్తకం, కోర్టు: పొరపాటుకూ అభిప్రాయానికీ మధ్య గీత

పాత తెలుగు పుస్తకాల్లో మొదటో చివరో తప్పొప్పుల పట్టిక ఉండేది. సీసపు అక్షరాలు చేత్తో పేర్చి అచ్చువేసిన రోజుల్లో తప్పు దొర్లిందని తెలిసేసరికి ఫారాలు అచ్చయిపోయేవి. మళ్లీ వేయడం ఖర్చు. అందుకని ఒక అదనపు కాగితం జతచేసేవారు. అందులో సాధారణంగా పుట, పంక్తి, తప్పు, ఒప్పు అని నాలుగు గడులు ఉండేవి. క్షమాపణకు గడి ఉండేది కాదు. పాఠకులు మన్నించాలన్న మాట ఎక్కడైనా ఉంటే అది పీఠికలో ఒక వాక్యంగా ఉండేది. చదువరి కలం తీసుకుని పట్టిక చూస్తూ తన ప్రతిని తానే దిద్దుకునేవాడు. సవరణ ఎవరి కోసం అన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు మరొకటి లేదు. రాసినవాడి పరువును నిలబెట్టడం ఆ కాగితం పని కాదు, చదివేవాడి చేతిలో ఉన్న ప్రతిని బాగుచేయడమే.

న్యాయస్థానాల విషయంలో పొరపాటుకూ అభిప్రాయానికీ మధ్య గీతను చట్టమే గీసింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ ప్రకారం తీర్పులో, డిక్రీలో దొర్లిన రాత పొరపాటును, కూడికల పొరపాటును, యాదృచ్ఛికంగా జారిన లేదా వదిలేసిన మాటను కోర్టు ఎప్పుడైనా సరిచేయవచ్చు. ఎవరో అర్జీ పెట్టాల్సిన పని కూడా లేదు, తనంత తానే చేయవచ్చు. కానీ తీర్పులోని తర్కమే తప్పనుకుంటే ఈ సెక్షన్ పనికిరాదు. దానికి పునఃపరిశీలన, అప్పీలు వంటి వేరే దారులున్నాయి. సర్వే నంబరులో ఒక అంకె తారుమారైతే సరిచేయడానికి కేసును తిరిగి వాదించనక్కర్లేదు. అలాగే భూమి ఎవరిదన్న నిర్ణయాన్ని అంకె దిద్దే నెపంతో మార్చకూడదు.

వేదిక మీద మాట్లాడేవారికి ఈ గీత నేరుగా ఉపయోగపడుతుంది. తాను చెప్పిన అంకె తప్పా, తాను చేసిన వాదన తప్పా అన్నది ముందు తేల్చుకోవాలి. అంకె తప్పయితే రెండు వాక్యాలు సరిపోతాయి. వాదన తప్పయితే రెండు వాక్యాలు చాలవు, కారణాలతో మళ్లీ మాట్లాడాలి. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. అంకెను దిద్దడానికి లేచి వాదనను సమర్థించుకోవడం మొదలుపెడతారు. లేదంటే వాదనే మారిపోయిన చోట 'చిన్న అంకె పొరపాటు' అని తప్పించుకుంటారు.

మూడో రకం ఒకటుంది. చెప్పినప్పుడు నిజమై, తర్వాత మారిపోయిన మాట అది. 2021లో ఎవరైనా మండవల్లి కృష్ణా జిల్లాలో ఉందని అంటే అది తప్పు కాదు. ఈరోజు దాన్ని 'పొరపాటుగా చెప్పాను' అని దిద్దితే కొత్త తప్పు పుడుతుంది. '2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లా' అని తేదీతో చెప్పడమే అక్కడ చేయాల్సింది. దీన్ని సవరణ అనడం కంటే తాజా సమాచారం అనడం న్యాయం. ఇందులో చింతించాల్సింది ఏమీ లేదు.

చట్టసభ, పత్రిక: ఆలస్యానికి జవాబుదారీ

లోక్‌సభలో మంత్రి ఇచ్చిన జవాబులో తప్పు దొర్లితే దాన్ని సరిచేస్తూ సభలో ప్రకటన చేసే పద్ధతి ఉంది. ఆనాటి కార్యక్రమాల జాబితాలో అది ఒక అంశంగా కనిపిస్తుంది: ఫలానా తేదీన ఫలానా ప్రశ్నకు ఇచ్చిన జవాబును సవరించడం, సవరించడంలో జరిగిన ఆలస్యానికి కారణాలు చెప్పడం. అంటే మంత్రి ఎంత బాధపడుతున్నారన్నది ముఖ్యం కాదు, ఇన్నాళ్లు ఎందుకు పట్టిందన్నదే ముఖ్యం. అది సరైన ప్రశ్న కూడా. మాట జారడం ఎవరికైనా జరుగుతుంది. తెలిశాక కూడా ఊరుకున్న ప్రతి రోజూ ఆ తప్పు మరో నలుగురి నోట్లో తిరుగుతుంది.

పత్రికల విషయంలో ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ప్రవర్తనా నియమావళి ఇంకా స్పష్టంగా ఉంది. వాస్తవంలో పొరపాటు బయటపడితే ఎవరూ అడగకపోయినా వెంటనే, తగినంత ప్రముఖంగా సవరణ ప్రచురించాలని చెబుతుంది. విచారం వ్యక్తం చేయడం, క్షమాపణ చెప్పడం అన్నవి తీవ్రమైన లోపం జరిగిన సందర్భానికి పరిమితం చేసింది. ప్రతి సవరణకూ క్షమాపణ అక్కర్లేదనీ, ప్రతి తప్పుకూ సవరణ మాత్రం తప్పదనీ ఈ నియమం సారం. మన అలవాటు దీనికి తలకిందులు: క్షమాపణ ధారాళం, సవరణ కరువు.

ఆలస్యం అయితే ఎంత చక్కటి సవరణైనా ఎలా వెలితిగా మిగులుతుందో చెప్పడానికి న్యూయార్క్ టైమ్స్ ఉదాహరణ ఉంది. 1920 జనవరిలో ఆ పత్రిక సంపాదకీయం, శూన్యంలో రాకెట్ పనిచేయగలదన్న రాబర్ట్ గాడర్డ్‌ను ఎగతాళి చేసింది. గాలి లేని చోట వెనక్కి నెట్టడానికి ఏదీ ఉండదన్నది వారి పొరపాటు ఊహ. 1969 జూలై 17న, అపోలో 11 చంద్రుడి దిశగా బయల్దేరిన మర్నాడు, ఒక చిన్న సవరణ వేసింది. పాత సంపాదకీయం ఏమందో చెప్పి, రాకెట్ శూన్యంలోనూ పనిచేస్తుందని నిర్ధారణ అయిందని చెప్పి, పొరపాటుకు ఒక్క ముక్కలో విచారం తెలిపి ముగించింది. పొందికలో లోపం లేదు. కానీ గాడర్డ్ 1945లోనే చనిపోయాడు. సవరణ ఎవరికి చేరాలో ఆయనకు చేరలేదు.

విన్నవారి మనసులో ఏం జరుగుతుంది

'ఇందాక చెప్పింది తప్పు' అంటే చాలదా అని అడగవచ్చు. చాలదని మనస్తత్వ పరిశోధన చెబుతోంది. 1994లో హోలిన్ జాన్సన్, కొలీన్ సీఫర్ట్ అనే పరిశోధకులు ఒక గోదాములో అగ్నిప్రమాదం కథను కొందరికి చదివించారు. మొదట గదిలో రంగుల డబ్బాలు, గ్యాస్ సిలిండర్లు ఉన్నాయని ఉంటుంది. తర్వాత ఆ గది ఖాళీ అని సవరణ వస్తుంది. సవరణ గుర్తున్నవారు కూడా ప్రమాదానికి కారణం అడిగితే రంగులు, సిలిండర్ల ప్రభావంతోనే జవాబు చెప్పారు. 'అది కాదు' అనడంతో పాటు మంటకు వేరే కారణం చూపించినప్పుడు ఆ ప్రభావం తగ్గింది. మనసు ఖాళీని భరించదు. తప్పు మాటను తీసేస్తే ఆ చోట కూర్చోవడానికి మరో మాట కావాలి.

అందుకని సవరణలో సరైన సంగతి తప్పక ఉండాలి, వీలైతే ముందే రావాలి. పొరపాటు ఎలా వచ్చిందో ఒక్క ముక్కలో చెప్పగలిగితే ఇంకా మంచిది. అప్పుడు విన్నవారికి రెండు అంకెలూ వాటి వాటి చోట్ల సర్దుకుంటాయి. తప్పును మళ్లీ పలికితే అదే బలపడుతుందన్న భయం ఒకప్పుడు పరిశోధకుల్లోనూ ఉండేది. తర్వాతి అధ్యయనాల్లో అలా జరగడం అరుదని తేలింది. ఏది తప్పో గుర్తుపట్టడానికి దాన్ని ఒకసారి చెప్పాలి. ఒకసారి చాలు.

అతి క్షమాపణతో వచ్చే చిక్కు కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఐదు వాక్యాల పశ్చాత్తాపం మధ్య ఒక అంకె వస్తే విన్నవారికి గుర్తుండేది పశ్చాత్తాపమే. పైగా ఎదుటివారి మీద ఒక భారం పడుతుంది. 'అయ్యో, పర్లేదండి, అంత మాటెందుకు' అని ఓదార్చడం వారి వంతవుతుంది. సభ కాలం మాట్లాడినవారి మనసు కుదుటపరచడానికి ఖర్చవుతుంది. గోదావరి జిల్లాల మర్యాదలో ఇది మరింత సులువుగా జరుగుతుంది, ఎందుకంటే ఇక్కడ ఎవరైనా నొచ్చుకుంటున్నారంటే నలుగురూ లేచి సర్దిచెబుతారు.

ఒక ఉదాహరణ, పూర్తిగా

మండవల్లిలో ఒక సమావేశంలో ఒక వక్త ఉప్పుటేరు పూడిక గురించి మాట్లాడి, ఆపై ఇలా అన్నారనుకుందాం: 'కొల్లేరు అభయారణ్యం 901 చదరపు కిలోమీటర్లు, ఆ హద్దు లోపల చెరువు తవ్వితే చట్టవిరుద్ధం.' కూర్చున్నవారిలో పెనుమాకలంక, నందిగామలంక వంటి లంక గ్రామాల వారు ఉన్నారు, మెరక మీద పొలాలున్న రైతులూ ఉన్నారు. కాసేపటికి వక్తకు తన కాగితం చూసుకుంటే పొరపాటు తెలిసింది.

ఇది కేవలం అంకె తేడానా? కాదు. 901కీ 308కీ మధ్య 593 చదరపు కిలోమీటర్లున్నాయి. అది ఐదో కాంటూరుకూ పదో కాంటూరుకూ మధ్య ఉన్న నేల. అభయారణ్యానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. రామ్సార్ చిత్తడి నేలలకు పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2017లో వచ్చిన నియమాలున్నాయి. రెండింటి ఆంక్షలూ ఒకటి కావు. ఆ మధ్య నేలలో పొలం ఉన్న రైతు ఈ మాట విని తన భూమి అభయారణ్యంలో ఉందనుకుంటాడు. అమ్మకం ఆపుకోవచ్చు, తక్కువ ధరకు ఒప్పుకోవచ్చు. కాబట్టి సవరణ ఆ రైతుకు చేరాలి, అదీ అతను లేచి వెళ్లిపోకముందే.

మొదటి తరహా సవరణ ఇలా ఉంటుంది: 'అయ్యా, పెద్దలందరూ నన్ను మన్నించాలి. ఇందాక నోరు జారాను. వయసు మీద పడుతోంది, కళ్లజోడు కూడా తెచ్చుకోలేదు. మీలాంటి విజ్ఞుల ముందు ఇలా జరిగినందుకు సిగ్గుపడుతున్నాను. ఆ అంకె పొరపాటండి, మరోసారి క్షమించండి.' ఇందులో వినయం ఉంది కానీ 308 లేదు.

రెండో తరహా: 'నేను ఇందాక చెప్పిన అంకెను స్థూలంగా తీసుకోవాలి. మా కుర్రాడు రాసిచ్చిన కాగితంలో అలా ఉంది. ఏదేమైనా కొల్లేరు పెద్దదే కదా.' ఇందులో తప్పు ఒప్పుకోలు లేదు, నింద మరొకరి మీదికి పోయింది, అంకె మాత్రం ఇంకా రాలేదు.

పనికివచ్చేది ఇలా ఉంటుంది: 'కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లండి, ఐదో కాంటూరు వరకు. ఇందాక 901 అన్నాను, అది రామ్సార్ గుర్తింపు పొందిన మొత్తం విస్తీర్ణం, రెండూ కలిపేశాను. ఐదో కాంటూరుకు పైన పొలం ఉన్నవారు అభయారణ్యం గురించి నేను అన్న మాటను తమ భూమికి వర్తింపజేసుకోవద్దు. ఉప్పుటేరు పూడిక గురించి చెప్పింది అలాగే ఉంది.' ఇది నాలుగు వాక్యాలు. ఒప్పు ముందు వచ్చింది. తప్పు ఒకసారి వచ్చింది. ఎందుకు కలిసిపోయిందో తెలిసింది. ఎవరికి తేడా పడుతుందో, ప్రసంగంలో ఏది మారలేదో తెలిసింది. 'పొరపాటు పడ్డానండి' అని ఒక మాట మొదట కలిపినా బరువెక్కదు. రెండోసారి కలపకుంటే చాలు.

సవరణ చెప్పేముందు ఒక జాగ్రత్త అవసరం. తొందరలో దిద్దబోయి కొత్త తప్పు చేయడం తరచూ జరుగుతుంది, ముఖ్యంగా కొలమానాల దగ్గర. కాంటూరు అడుగుల్లో ఉందన్నది మరిచి ఐదో కాంటూరును ఐదు మీటర్లని చెప్పేవారున్నారు. ఐదడుగులంటే మీటరున్నర మాత్రమే. ఐదు మీటర్లంటే పదహారు అడుగులు దాటుతుంది, పదో కాంటూరు కన్నా ఎంతో పైన. 308 అని సరిగ్గా దిద్ది దాని పక్కన మీటర్లు చేర్చితే ముందు చేసిన తప్పు కన్నా పెద్దది అవుతుంది. అందుకని సవరణలో చేతిలో ఉన్న కాగితం చూసి నిర్ధారించుకున్నదే చెప్పాలి. చూసుకోవడానికి వ్యవధి లేకపోతే 'ఆ అంకె తప్పు, సరైనది సభ ముగిసేలోగా చెబుతాను' అని ఆపడం మేలు.

మరో జాగ్రత్త, సవరణ చేరే చోటు. మైకులో చెప్పిన తప్పును టీ తాగేటప్పుడు పక్కవారి చెవిలో దిద్దితే లెక్కలోకి రాదు. తప్పు ఎందరు విన్నారో సవరణా అందరు వినాలి. తీర్మానాల పుస్తకంలో ఎక్కిన అంకెను అదే పుస్తకంలో, పాత అంకె కనబడేలా కొట్టివేసి, తేదీ వేసి, సంతకంతో దిద్దాలి. పాతదాన్ని చెరిపేసి పైన కొత్తది రాస్తే సవరణ దిద్దుబాటు కాక దాపరికం అవుతుంది. మరొకరు తప్పు పట్టుకుంటే వారి పేరు ఒకసారి గౌరవంగా చెబితే సరిపోతుంది. ఆ పేరు చెప్పడమే కృతజ్ఞత.

ఈ పద్ధతి పనిచేయని చోట్లు

క్లుప్తతకు హద్దులున్నాయి. తప్పు మాట ఒక మనిషి పరువుకు సంబంధించినదైతే, ఫలానా ఆయన చెరువు అక్రమమని అని, తర్వాత అది సక్రమమేనని తేలితే, రెండు వాక్యాలు చాలవు. అక్కడ క్షమాపణ సవరణలో భాగం, అది ఆ మనిషిని ఉద్దేశించి, అందరి ముందూ రావాలి. మన మాట నమ్మి ఎవరైనా డబ్బు ఖర్చుపెట్టి ఉంటే ఆ నష్టం గురించి కూడా మాట్లాడాలి. ముందే ఎవరో హెచ్చరించినా వినకుండా చెప్పిన తప్పు అయితే దాన్ని పొరపాటు అనే హక్కు మనకు ఉండదు. అదే అంశంలో మళ్లీ మళ్లీ తప్పులు వస్తుంటే విడివిడి సవరణలు మాని, మాట్లాడేముందు చూసుకునే పద్ధతినే మార్చుకోవాలి.

క్షమాపణ సవరణలో భాగమయ్యే సందర్భానికి శాస్త్రరంగంలో మంచి ఉదాహరణ 2018 రసాయనశాస్త్ర నోబెల్ గ్రహీత ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్. 2019లో తన బృందం ప్రచురించిన ఒక పరిశోధనా పత్రంలోని ఫలితాలు తిరిగి చేస్తే రాలేదు. 2020 జనవరిలో ఆ పత్రాన్ని ఉపసంహరించుకున్నట్టు ఆమె తానే బహిరంగంగా ప్రకటించారు. ఫలితాలు మళ్లీ రాలేదన్న సంగతి చెప్పారు, ఒకసారి క్షమాపణ చెప్పారు, పత్రం పంపే సమయంలో తాను పనిలో మునిగి సరిగా చూసుకోలేదని ఒప్పుకున్నారు, అంతటితో ఆపారు. ఇది ఒక అంకె కన్నా పెద్ద తప్పు కాబట్టి క్షమాపణ వచ్చింది. నేరం పక్కవారి మీదికి నెట్టలేదు కాబట్టి ఒక్కసారి చాలింది.

ఇటువైపు మరీ చిన్నవి ఉంటాయి. కొల్లేరు ఆసియాలోనే అతి పెద్ద మంచినీటి సరస్సు అని ఉత్సాహంలో అనేవారు ఎందరో. బైకాల్ ఆసియాలోనే ఉంది, దాని విస్తీర్ణం 31 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. మనమే ఆ మాట అని ఉంటే 'మన దేశంలోని పెద్ద మంచినీటి సరస్సుల్లో ఒకటి' అని ఒక్క ముక్కలో మార్చుకుని ముందుకు సాగవచ్చు. ఆటపాక పక్షుల కేంద్రంలో గూడకొంగలను చూపిస్తూ అవి ఆస్ట్రేలియా నుంచి వచ్చాయని అన్నవారూ ఉన్నారు. అవి దక్షిణాసియాకు చెందిన పక్షులు, ఇక్కడే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. పిల్లలకు చెప్పిన తప్పయితే మాత్రం చిన్నదని వదలకూడదు, వారు అదే పరీక్షలో రాస్తారు.

మొత్తం మీద తేలేది ఇది. సవరణ పొడవును మన సిగ్గు నిర్ణయించకూడదు, విన్నవారికి కలిగే నష్టం నిర్ణయించాలి. నష్టం లేని చోట ఒప్పు, తప్పు, అవి కలిసిపోయిన కారణం చెబితే సరిపోతుంది. నష్టం ఉన్న చోట దానికి తగ్గ క్షమాపణ ఒక్కసారి, నష్టపోయినవారి వైపు తిరిగి చెప్పాలి. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమన్న సామెత నిందలకూ శాపనార్థాలకూ వర్తిస్తుంది కానీ అంకెలకు వర్తించదు. జారిన అంకెను తీసుకోవచ్చు. సభ ముగియకముందే తీసుకోండి.